ఫస్ట్ ప్రిన్సిపల్‌లో భిన్నం వస్తే ఆ మైనస్ దగ్గర ఆగండి

పోయిన వారం ఇంటర్ మొదటి సంవత్సరం ప్రీఫైనల్ పేపర్లు దిద్దాను. ఫస్ట్ ప్రిన్సిపల్ నుంచి అవకలజం కనుక్కోమని ఇచ్చిన లెక్క (2x+3)/(x−1). పేపర్ తర్వాత పేపర్‌లో తప్పు ఒకే లైనులో దొర్లింది. అందరికీ సూత్రం తెలుసు, లిమిట్ అంటే ఏమిటో కూడా తెలుసు. లిమిట్ దాకా వెళ్లకముందే, మామూలు తీసివేత దగ్గర లెక్క పోయింది. పబ్లిక్ పరీక్షల ముందు మా పిల్లలకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

సూత్రం ఎలా రాయాలో చెప్పను, అది మీకు వచ్చు. f(x+h) రాసేటప్పుడు x ఉన్న ప్రతి చోటా (x+h)ని బ్రాకెట్‌తో సహా పెట్టండి. 2x+3 అనేది 2(x+h)+3 అవుతుంది, 2x+h+3 కాదు. ఎక్కువమంది ఈ మెట్టు సరిగ్గానే దాటుతున్నారు.

ప్రమాదం దీని తర్వాతే. రెండు భిన్నాలకూ ఒకే హారం చేశాక లవంలో మిగిలేది ఇదీ:

```
(2x+2h+3)(x−1) − (2x+3)(x+h−1)
```

రెండు లబ్ధాలనూ విడివిడిగా గుణించండి. మొదటిది 2x²+x+2hx−2h−3. రెండోది 2x²+x+2hx+3h−3. నేను చూసిన పేపర్లలో ఇక్కడిదాకా దాదాపు అందరూ సరిగ్గానే చేశారు. తర్వాతి లైను మాత్రం ఇలా రాశారు:

```
2x²+x+2hx−2h−3 − 2x²+x+2hx+3h−3
```

మైనస్ 2x² ఒక్కదానికే తగిలింది. దాని వెనుక ఉన్న నాలుగు పదాలకూ గుర్తు మారలేదు. తీసివేస్తున్నది 2x²ని కాదు, రెండో లబ్ధాన్ని మొత్తంగా. అందుకే గుణించి విప్పిన తర్వాత కూడా దాని చుట్టూ బ్రాకెట్ ఉండాలి. ముందు బ్రాకెట్‌తో రాయండి, ఆ కింది లైనులో గుర్తులు మార్చండి. రెండు పనులూ ఒకే లైనులో పెట్టుకోవద్దు.

```
(2x²+x+2hx−2h−3) − (2x²+x+2hx+3h−3)
= 2x²+x+2hx−2h−3 − 2x²−x−2hx−3h+3
= −5h
```

ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి. h లేని పదాలన్నీ పోయాయి, 2hx కూడా పోయింది. మిగిలిన −5hని బయట ఉన్న hతో భాగిస్తే −5/((x+h−1)(x−1)). ఇప్పుడు h స్థానంలో 0 వేస్తే −5/(x−1)².

బ్రాకెట్ వదిలేసిన వాళ్లకు లవం 2x+4hx+h−6 వచ్చింది. ఇందులో h అన్ని పదాల్లోనూ లేదు కాబట్టి కొట్టేయడానికి వీల్లేదు. అక్కడ ఆగి వెనక్కి చూసుకోవాలి. కొందరు ఆగకుండా h కనబడిన చోటల్లా కొట్టేసి 2x+4x+1−6 అని రాశారు. ఒక తప్పును దాటడానికి రెండో తప్పు చేశారు. ఇంకొందరికి u/v సూత్రంతో జవాబు ముందే తెలుసు, అందుకని చివరి లైనులో −5/(x−1)² వేసేశారు. పై లైనుకూ దానికీ సంబంధం లేదు. ఫస్ట్ ప్రిన్సిపల్ లెక్కలో మార్కులు ఉండేది మధ్య లైన్లలో. దిద్దేవాళ్ల కన్ను ముందు అక్కడికే వెళ్తుంది.

తప్పు జరిగిందని మీకు మీరే పట్టుకునే దారి ఒకటుంది. hని కొట్టేయకముందే లవంలో h=0 వేసి చూడండి. అప్పుడు f(x+h), f(x) ఒకటే అవుతాయి కాబట్టి లవం సున్నా అయి తీరాలి. −5h సున్నా అవుతుంది. 2x+4hx+h−6లో వేస్తే 2x−6 మిగులుతుంది, అంటే పైన ఎక్కడో గుర్తు తప్పిందన్నమాట. పది సెకన్ల పని ఇది.

అయితే ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 1/x² తీసుకోండి. లవం x² − (x+h)². బ్రాకెట్ లేకుండా విప్పితే x²−x²+2xh+h², అంటే 2xh+h². h=0 వేస్తే సున్నానే వచ్చింది, h కూడా చక్కగా పోయింది, జవాబు మాత్రం 2/x³. అసలు జవాబు −2/x³. ఇక్కడ పట్టుకోవాలంటే విలువ ఎటు పోతోందో చూడాలి. x ధన సంఖ్య అయితే, x పెరిగేకొద్దీ 1/x² తగ్గుతుంది. తగ్గేదానికి ధన అవకలజం రాదు.

అనుమానం తీరకపోతే అంకెలు వేయండి. మన మొదటి లెక్కలో x=2, h=1 అనుకుందాం. f(2)=7, f(3)=9/2. తేడా −5/2, h ఒకటే కాబట్టి భాగించినా అంతే. −5/((x+h−1)(x−1))లో వేస్తే −5/(2×1), అదే −5/2. రెండూ కలిశాయి. తప్పు లవంతో చేస్తే 7/2 వస్తుంది. x=1 మాత్రం వేయకండి, హారం సున్నా అవుతుంది. x=0, h=1 కూడా వద్దు, అప్పుడు x+h−1 సున్నా.

గుణకారమంటే భయపడే వాళ్లకు ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఇష్టం. (2x+3)/(x−1)ని ముందే 2 + 5/(x−1) అని రాసుకోండి. తేడా తీసినప్పుడు 2లు పోతాయి, లవంలో మిగిలేది 5[(x−1) − (x+h−1)] మాత్రమే. నాలుగు పదాల గుణకారం తప్పింది. కానీ ఇక్కడ కూడా ఆ మైనస్ ఉంది, దాని వెనుక బ్రాకెట్ ఉంది. అది వదిలేస్తే ఈ దారీ మునుగుతుంది.

ఇక మిగతావి, ఒకదాని వెంట ఒకటి.

హారాన్ని గుణించి విప్పకండి. (x+h−1)(x−1) అలాగే ఉంచండి, చివర్లో (x−1)² దానంతటదే వస్తుంది. విప్పితే దాన్ని మళ్లీ కారణాంకాలు చేయాలి.

మైనస్ తర్వాత బ్రాకెట్.

కింది hని భిన్నం కింద భిన్నంగా వేలాడదీయకండి. 1/h అని ముందుకు తెచ్చి పెట్టుకోండి. లేకపోతే అది ఏదో ఒక లైనులో జారి పైకి పోతుంది.

h అన్ని పదాల్లో ఉంటేనే కొట్టండి. ముందు ఉమ్మడిగా బయటికి తీయండి, తర్వాత కొట్టండి. −2xh−h² అయితే h(−2x−h) అని రాశాకే కొట్టాలి.

అసలు లెక్కలో h పోకముందే 0 వేయకండి. 0/0 వస్తుంది.

h=0 వేసే లైను దాకా ప్రతి లైనులోనూ లిమిట్ గుర్తు రాయండి. వేశాక రాయకండి.

జవాబు తెలుసని మధ్య లైన్లు ఎగ్గొట్టకండి.

మళ్లీ చెబుతున్నాను, మైనస్ తర్వాత బ్రాకెట్. రెండో లబ్ధం విప్పే ముందు పెట్టండి, విప్పాక కూడా ఉంచండి.

జవాబు పక్కన x ≠ 1 అని రాయండి.