డెలివరీ ఆలస్యమైందని ఒక్క స్టార్ రివ్యూ: జవాబు రాసే ముందు ఏం చూడాలి

సమస్య: ఆర్డర్ ఆలస్యమైందని కస్టమర్ అందరికీ కనిపించేలా ఘాటుగా రివ్యూ పెట్టారు. మీరు మర్యాదగానే జవాబిచ్చారు. అయినా వాళ్ల కోపం తగ్గలేదు సరికదా, కింద ఇంకో స్క్రీన్‌షాట్ పెట్టి మరీ తిట్టారు.

మర్యాదగా ఎలా రాయాలో మీకు చెప్పక్కర్లేదు. "నమస్కారం అండి, క్షమించండి" అని అందరూ రాస్తారు. కానీ ఆర్డర్ పేజీ తెరవకుండానే జవాబు టైప్ చేసేస్తారు. ఎంతమందికి చెప్పినా ఇదే జరుగుతోంది. ముందు ఈ నాలుగు సమయాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఆర్డర్ వచ్చినది, లేబుల్ ప్రింట్ అయినది, కొరియర్ మొదటిసారి స్కాన్ చేసినది, కస్టమర్ చేతికి చేరినది. వీటి పక్కనే, ఆర్డర్ పెట్టినప్పుడు కస్టమర్‌కు స్క్రీన్ మీద కనిపించిన డెలివరీ తేదీ కూడా రాయండి. మీ మనసులో ఉన్న తేదీ ఇక్కడ లెక్కలోకి రాదు. ఇదంతా పది నిమిషాల పని.

అసలు కారణం, చాలాసార్లు: లేబుల్ తేదీని పంపిన తేదీ అనుకోవడం

అమ్మేవాళ్లను ఎక్కువగా ముంచేది ఇదే. చాలా షాప్ సాఫ్ట్‌వేర్లలో లేబుల్ తయారవగానే ఆర్డర్ `Shipped` కింద మారిపోతుంది, కస్టమర్‌కు "మీ పార్సిల్ బయల్దేరింది" అని మెసేజ్ దానంతటదే వెళ్లిపోతుంది. పార్సిల్ మాత్రం ఇంకా మీ టేబుల్ మీదే ఉంటుంది. ఆ రోజు పికప్‌కు ఎవరూ రాకపోతే మర్నాడూ అక్కడే ఉంటుంది. మీ ఆర్డర్ పేజీలో మొదటి తేదీయే కనిపిస్తుంది కాబట్టి, మీరు టైముకే పంపారని నిజాయితీగానే నమ్ముతారు. కస్టమర్ చూసేది ట్రాకింగ్ పేజీ. అందులో మొదటి రెండు రోజులూ `Label created` అనే ఒక్క లైనే ఉంటుంది.

ఒక కేసు చూద్దాం. పేరు చెక్కిన ఫోటో ఫ్రేమ్‌ను సోమవారం రాత్రి ఆర్డర్ చేశారు. శుక్రవారానికి అందుతుందని పేజీలో ఉంది. శనివారం పుట్టినరోజు. మంగళవారం ఉదయం లేబుల్ ప్రింట్ అయింది, వెంటనే మెసేజ్ వెళ్లింది. పికప్ తప్పిపోయింది. కొరియర్ మొదటి స్కాన్ గురువారం సాయంత్రం పడింది. ఫ్రేమ్ ఆదివారం చేరింది. రివ్యూ ఇలా వచ్చింది: "మంగళవారమే పంపామని అబద్ధం చెప్పారు. పుట్టినరోజు అయిపోయాక వచ్చింది. వీళ్ల దగ్గర కొనొద్దు."

అమ్మిన ఆమె రాసిపెట్టుకున్న జవాబు ఇది: "మేము మంగళవారమే పంపించాం అండి. ఆలస్యం కొరియర్ వల్ల జరిగింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఇందులో ఒక్క కటువైన మాట లేదు. కానీ అబద్ధం అన్నవాళ్లకు అదే మాట మళ్లీ చెబుతోంది. గురువారం స్కాన్ ఉన్న స్క్రీన్‌షాట్ వాళ్ల ఫోన్‌లో రెడీగా ఉంది. ఈ జవాబు పోస్ట్ అయి ఉంటే, అప్పటిదాకా ఆలస్యం గురించి ఉన్న ఫిర్యాదు మోసం గురించిన ఫిర్యాదుగా మారేది. ఆలస్యాన్ని కస్టమర్ క్షమించవచ్చు, ఇలా దొరికిపోతే మాత్రం తిరిగి రారు.

మీది ఇదే కేసు అని గుర్తుపట్టడం తేలిక. లేబుల్‌కూ మొదటి స్కాన్‌కూ మధ్య ఒక పనిదినం కంటే ఎక్కువ ఖాళీ ఉంటే, అనుమానం ముందు మీ వైపే పెట్టుకోండి. ఒక్క చిక్కుంది. కొన్నిసార్లు పికప్ మనిషి బస్తాలో వేసుకుని పోతాడు, స్కాన్ మాత్రం హబ్‌కు చేరాకే పడుతుంది. అప్పుడు పికప్ స్లిప్ మీద తేదీ, సంతకం వెతకండి. స్లిప్ దొరికితే పార్సిల్ ఆ రోజే వెళ్లిందని ధైర్యంగా రాయొచ్చు. దొరకకపోతే ఆ మాట ఎత్తొద్దు.

పరిష్కారం

ముందు డబ్బు పని ముగించండి, తర్వాత ఆర్డర్ చాట్‌లో మెసేజ్ పెట్టండి, ఆఖరున రివ్యూ కింద జవాబు రాయండి. ఈ వరుస తిరగబడితే "రీఫండ్ ఇస్తాం" అనే మాట ఉత్త వాగ్దానంలా కనిపిస్తుంది. పై కేసులో చివరికి పెట్టిన జవాబు ఇది:

> నమస్కారం అండి. శనివారం పుట్టినరోజుకని మీరు తెప్పించుకున్న ఫ్రేమ్ ఆదివారం చేరింది. మీ కోపం న్యాయమైనదే. మంగళవారం మేము లేబుల్ మాత్రమే వేశాం, పార్సిల్ కొరియర్‌కు అందింది గురువారం సాయంత్రం. బయల్దేరిందని ముందే మెసేజ్ రావడం మా పొరపాటు, క్షమించండి. డెలివరీ ఛార్జి ఈ ఉదయం వెనక్కి పంపాం. ఫ్రేమ్ ఇక వద్దనుకుంటే మా ఖర్చుతోనే తీసుకుని పూర్తి డబ్బు ఇస్తాం. ఆర్డర్ చాట్‌లో మెసేజ్ పెట్టాను, ఏది కావాలో అక్కడ చెప్పండి చాలు.

మొదటి వాక్యంలోనే వాళ్లకు జరిగిన నష్టం వాళ్ల మాటల్లో ఉంది. "అసౌకర్యం" అనే మాట ఎక్కడా లేదు, ఎందుకంటే పుట్టినరోజు తప్పిపోవడాన్ని ఎవరూ అసౌకర్యం అనరు. కస్టమర్ పేరు, ఫోన్, అడ్రస్, ఆర్డర్ నంబర్ బయట పెట్టలేదు. పేరు చెక్కిన వస్తువును మామూలుగా వెనక్కి తీసుకోరు, మళ్లీ అమ్ముకోలేరు కూడా. ఆమె మనస్ఫూర్తిగా సిద్ధపడింది కాబట్టే ఆ మాట రాసింది. మీకు కుదరకపోతే మీరు చేయగలిగినదే రాయండి.

రివ్యూ మార్చమని మాత్రం ఇందులో అడగొద్దు. రీఫండ్‌కూ స్టార్లకూ ముడిపెట్టడం కస్టమర్‌కు బేరంలా అనిపిస్తుంది. పైగా నెగెటివ్ రివ్యూ తీసేయడానికో మార్చడానికో ప్రతిఫలం ఇవ్వడం గూగుల్ రివ్యూల నిబంధనలకు విరుద్ధం. మనసు మారితే రాసినవాళ్లే వచ్చి ఎడిట్ చేసుకోగలరు.

జవాబు పెట్టిన రోజే సెట్టింగ్ కూడా సరిచేయండి. లేబుల్ తయారైనప్పుడు వెళ్లే ఆటోమేటిక్ మెసేజ్ ఆపేసి, మొదటి స్కాన్ పడ్డాక వెళ్లేలా పెట్టండి. ఆ వీలు లేకపోతే మెసేజ్‌లోని మాటైనా "ప్యాక్ అయింది, కొరియర్ కోసం ఎదురుచూస్తోంది" అని మార్చండి. లేకపోతే వచ్చే పండగ రద్దీలో ఇదే రివ్యూ ఇంకో పేరుతో వస్తుంది.

ఆలస్యం నిజంగా కొరియర్‌దే అయితే: స్కాన్ టైముకే పడి, మధ్యలో ఏదో హబ్‌లో ఆగిపోయి ఉంటే, ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పండి. వాళ్లను తిట్టొద్దు. ఆ కొరియర్‌ను ఎంచుకున్నది మీరు, కస్టమర్ డబ్బు కట్టింది మీకు.

అరుదైనవి: అడ్రస్‌లో కస్టమరే తప్పు రాస్తే ఆ విషయం చాట్‌లో చెప్పండి, బయట వద్దు. వేరే షాపు రివ్యూ మీకు పడితే, ఆర్డర్ దొరకడం లేదని మర్యాదగా ఒక లైన్ రాసి, ఆ రివ్యూను రిపోర్ట్ చేయండి.

జవాబు తర్వాత కూడా కస్టమర్ కోపంగానే మళ్లీ రాస్తే, బయట రెండో జవాబు వద్దు. వాళ్లు కొత్త విషయం ఏదైనా చెబితే చాట్‌లోనే దానికి సమాధానం ఇచ్చి, రీఫండ్ వాళ్ల అకౌంట్‌లో పడిందో లేదో అడగండి.