తాగిన రాత్రి నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి ఎందుకు ఆగుతుంది?

పండక్కి ఊరెళ్తే బావలు, బావమరుదులు కలుస్తారు, సీసా తెరుచుకుంటుంది. మీ ఇంట్లో ఎవరైనా నిద్రమాత్రలు, టెన్షన్ మాత్రలు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు వాడుతుంటే బయల్దేరే ముందే ఇది చదవండి. నేను క్యాజువాలిటీలో నర్సుని. ఒక కనుమ రాత్రి చూసింది చెప్తాను.

ఆయనకు యాభై దాటాయి. నడుం నొప్పికి ట్రమడాల్, నిద్రకు అల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాములు. రెండూ డాక్టరు రాసినవే. ఆ రాత్రి తొమ్మిదికి కూర్చుని పదిన్నరకల్లా ఒక క్వార్టర్ తాగారు. భోంచేసి, పదకొండుకి రోజూలాగే రెండు మాత్రలూ వేసుకుని పడుకున్నారు. ఒంటిగంటకి గురక మొదలైంది, గొంతులో నీళ్లు ఆడుతున్నట్టు గరగరమంటూ. అలసిపోయారులే, పడుకోనీ అనుకుంది భార్య. రెండింటికి గురక ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే ఆమెకు మెలకువ వచ్చింది. మా దగ్గరికి తెచ్చేసరికి నిమిషానికి ఐదుసార్లే ఊపిరి తీసుకుంటున్నారు.

మోతాదు మించి ఆయన వేసుకున్నది ఒక్క మాత్ర కూడా లేదు. మరి ఏం జరిగింది? నిద్రలో మన ఊపిరిని నడిపేది మెదడు అడుగున, మెడ దగ్గరుండే చిన్న భాగం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగగానే అది గుర్తుపట్టి 'పీల్చు' అని ఛాతీని కదిలిస్తుంది. ట్రమడాల్, మార్ఫిన్, కోడీన్ లాంటివి ఆ గుర్తుపట్టే శక్తినే మొద్దుబారుస్తాయి. మద్యం, నిద్రమాత్రలు మెదడు మొత్తాన్నీ మత్తులో ముంచుతాయి, గొంతు కండరాలనూ వదులు చేస్తాయి. నాలుక వెనక్కి జారి దారి మూసుకుంటుంది. మామూలుగా అయితే ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తాం. ఇక్కడ ఆ లేపే భాగమే నిద్రపోతోంది. ఒక్కోటి విడిగా చేసే నష్టం కన్నా కలిసినప్పుడు జరిగేది చాలా ఎక్కువ.

ఇంకో సంగతి. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒళ్లు గంటకు ఏడు నుంచి పది గ్రాములే వదిలించుకోగలదు. అంటే తెల్లవారేదాకా అది రక్తంలో ఉంటుంది. పదకొండుకి వేసుకున్న మాత్రలు గంటా రెండు గంటల్లో పూర్తి బలం అందుకుంటాయి. ఇంట్లో అందరూ నిద్రపోయే వేళకు అన్నీ కలిసి పైకి లేస్తాయి. 'కాసేపు గ్యాప్ ఇచ్చి వేసుకున్నాను కదా' అనేది అందుకే పనికిరాదు. అల్ప్రజోలం సగం తగ్గడానికే పదకొండు గంటలకు పైగా పడుతుంది, కాబట్టి నిన్న రాత్రి మాత్ర ఈ సాయంత్రం పెగ్గుకి కూడా తోడవుతుంది.

అందుకని ఈ మాత్రలు వాడేవాళ్లు ఆ రోజుల్లో తాగకపోవడమే మార్గం. తాగడం కోసం మాత్ర ఆపేద్దామనుకోకండి. రోజూ వేసుకునే అల్ప్రజోలం హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి డాక్టరుతో పండక్కి ముందే మాట్లాడాలి. ఒకవేళ తాగేసి ఉంటే ఆ రాత్రి పైన మాత్ర వేసుకోకుండా, ముందు డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ కూడా ఈ లెక్కలోవే. గురకతో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. తెలంగాణలో కల్లులో అల్ప్రజోలం, డైజిపామ్ కలిపి అమ్ముతూ పట్టుబడ్డవాళ్లు ఎందరో. అలాంటి కల్లు తాగినవాడికి తను మాత్ర మింగినట్టే తెలియదు.

తాగి పడుకున్న మనిషిని చూడాల్సిన పద్ధతి ఇది. పొట్ట మీద చెయ్యి వేసి నిమిషం పాటు లెక్కపెట్టండి. పన్నెండు నుంచి ఇరవై మామూలు. పది కన్నా తక్కువైనా, మధ్యలో పది సెకన్లు ఆగి ఆగి పీలుస్తున్నా, గట్టిగా పిలిచి భుజం తట్టినా లేవకపోయినా, గురక గరగరలాడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరందక ఒళ్లు నీలం తిరిగినా చామనఛాయ మీద అంతగా తెలియదు, పెదవి లోపలి వైపు, గోళ్లు చూడాలి. ఆక్సీమీటర్ అంకె బాగానే ఉందని ఆగిపోవద్దు, ఊపిరి తగ్గిన వెంటనే అది పడకపోవచ్చు.

అంబులెన్స్ వచ్చేదాకా పక్కకి తిప్పి, తల కొంచెం వెనక్కి వంచి పడుకోబెట్టండి, వాంతయినా బయటికి పోతుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏదీ నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఊపిరి పూర్తిగా ఆగితే వెల్లకిలా తిప్పి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, నోటితో ఊపిరి ఊదడం వస్తే అదీ ఇవ్వాలి.

మాత్రల అట్టలు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆ రాత్రి ఆవిడ రెండు అట్టల్నీ కొంగున ముడేసుకుని తెచ్చింది. ట్రమడాల్ కనబడగానే డాక్టరు నాలాక్సోన్ ఇచ్చారు. అది నొప్పి మాత్ర మత్తుకే విరుగుడు, మద్యానికి, అల్ప్రజోలంకి పనిచేయదు. మిగతాది వెంటిలేటర్ మోసింది. ఆయన రెండో రోజు సాయంత్రం కళ్లు తెరిచారు.