కప్పుల వరుసలో ప్రేమకథ – ఆరో పాఠం: ఐదుకీ ఎనిమిదికీ తేడా

కిందటి పాఠంలో టారో పేకలోని కప్పుల ముక్కల్లో ఆసు నుంచి నాలుగు దాకా వచ్చాం. ఆసులో మబ్బులోంచి వచ్చిన చెయ్యి పొంగిపోతున్న కప్పును పట్టుకుంది. రెండులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కప్పులు పట్టుకున్నారు. మూడులో ముగ్గురు స్నేహితురాళ్లు కప్పులెత్తి సంబరం చేసుకున్నారు, అంటే విషయం నలుగురికీ తెలిసిందన్నమాట. నాలుగులో చెట్టు కింద చేతులు కట్టుకు కూర్చున్న కుర్రాడు మబ్బులోంచి అందిస్తున్న కప్పు వైపు చూడటం లేదు. అలవాటైపోయిన ప్రేమ అలాగే ఉంటుంది.

ఈసారి రెండే ముక్కలు, ఐదూ ఎనిమిదీ. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పు చదివేది ఈ రెంటినే. రెంటిలోనూ దిగులుగా ఉన్న మనిషి ఒంటరిగా కనిపిస్తాడు కాబట్టి, రెంటికీ 'విడిపోవడం' అని అర్థం చెప్పేస్తారు. అలా చెప్పేస్తే ఎదురుగా కూర్చున్న మనిషికి నిజంగా నష్టం చేసినట్టే.

పాఠానికి ముందు ఒక మాట. పోయినసారి కొందరు పేకలోని ఆటీన్ ముక్కలతో సాధన చేస్తామన్నారు. టారోలోని కప్పులకు పేకలో ఆటీనే సాటి కాబట్టి అంకెల వరుస నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. ఈ పాఠానికి మాత్రం సరిపోదు, ఎందుకంటే మనం చదవబోయేది బొమ్మను. 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ పేకకు పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు వేసింది. మార్సెయ్ లాంటి పాత పేకల్లో ఐదు అంటే ఐదు కప్పులు పేర్చి ఉంటాయి, అంతే. ఆవిడ దాదాపు ప్రతి అంకెలోనూ మనుషుల్ని పెట్టింది. ఆ పేకను రూపొందించిన వెయిట్ ఈ పదింటినీ ప్రేమకథగా వరుసపెట్టలేదు, ఒక్కోదానికి విడిగా అర్థం రాశాడు. మెట్లుగా చదవడం తర్వాతివాళ్లు పెంచుకున్న పద్ధతి.

ఇప్పుడు ఐదును ముందు పెట్టుకోండి. నల్లటి దుప్పటి కప్పుకున్న మనిషి తల వంచుకుని ఉన్నాడు. అతని ముందు మూడు కప్పులు ఒలికిపోయాయి. వెనక రెండు నిలబడే ఉన్నాయి, కానీ అతను వాటిని చూడటం లేదు. అవతల ఏరు, ఏటి మీద వంతెన, వంతెన దాటితే చిన్న కోట ఉన్నాయి. నష్టం జరిగింది కానీ ఏదో మిగిలి ఉంది, అన్నదే వెయిట్ ఇచ్చిన అర్థం కూడా.

ఎనిమిదిలో ఒక్క కప్పూ ఒలకలేదు. కింద ఐదు, పైన మూడు చక్కగా పేర్చి ఉన్నాయి. పై వరుసలో మాత్రం ఒక కప్పు పట్టేంత ఖాళీ కనిపిస్తుంది. ఎర్రటి బట్టలు వేసుకున్న మనిషి చేతికర్రతో, మనకు వీపు చూపిస్తూ, కొండల వైపు నడిచి పోతున్నాడు.

అందుకే ముందు మనిషి ముఖం చూడకండి, కప్పులు లెక్కపెట్టండి. ఒలికినవి ఉంటే అది జరిగిపోయినదాని మీద దుఃఖం. ఏమీ ఒలకకుండా ఖాళీ ఉంటే అది ఇంకా దొరకనిదాని మీద వెలితి. మొదటివాడికి వెనక్కి తిరిగి చూడమని చెప్పాలి. రెండోవాణ్ణి ఎక్కడికి పోతున్నావని అడగాలి.

ఒక కేసు చెబుతాను. కావలిలో ఉండే మా పిన్ని కూతురు టీచరు. ఆమె ప్రేమించిన అబ్బాయికి చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఆఫీసులో ఉద్యోగం. పెళ్లి మాటలకు పెద్దవాళ్లు కూర్చున్నారు, తేడా వచ్చింది, మాఘమాసంలో అనుకున్న ముహూర్తం పోయింది. ఇద్దరూ ఒక ఆదివారం ఒంగోలులో మా ఇంటికి వచ్చారు. నేను కప్పుల్లోంచి ఆసు మొదలు పది వరకు పది ముక్కలే విడిగా తీశాను. రాజు, రాణి లాంటి బొమ్మ ముక్కల్ని పక్కన పెట్టేశాను. ఒకరు తీసేటప్పుడు రెండోవారిని వరండాలో కూర్చోమన్నాను.

ఆమెకు ఐదు వచ్చింది. చూడగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అయిపోయిందిలే అక్కా, ముక్క కూడా అదే చెబుతోంది" అంది.

"ఒలికినవి ఏంటో చెప్పు" అన్నాను.

"ముహూర్తం పోయింది. అమ్మ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. వాళ్లమ్మ ఫోన్ చెయ్యడం మానేసింది."

మూడూ అయ్యాయి. నిలబడినవి రెండు చెప్పమంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అతను రోజూ రాత్రి ఫోన్ చేస్తూనే ఉన్నాడంది. నాన్న వద్దనలేదు, 'చూద్దాం' అన్నాడంది. వంతెన ఎవరని అడిగితే ఆలోచించకుండా "మేనమామ" అంది. రెండిళ్లకూ వెళ్లి మాట్లాడగలిగినవాడు ఆయన ఒక్కడే.

ముక్కను కలిపేసి అతణ్ణి పిలిచాను. ఎనిమిది వచ్చింది. ఇక్కడే జాగ్రత్త కావాలి. 'వదిలి వెళ్లిపోతాడు' అని ఆ క్షణంలో అనేస్తే ఆ మాట ఇంక వెనక్కి రాదు. ఒలికిన కప్పులున్నాయా అని అడిగాను. లేవు, పెళ్లి ఆలస్యమైనా అవుతుందన్నాడు. ఖాళీ ఎక్కడుందని అడిగితే కాసేపు ముక్కనే చూశాడు. బెంగళూరులో ఉద్యోగానికి అప్లై చేశానని, ఆమెకు ఇంకా చెప్పలేదని అన్నాడు. కావలి ఉద్యోగం వదిలి రమ్మని ఎలా అడగాలో తెలియక ఆరు నెలలుగా టెన్షన్ పడుతున్నాడట.

ఒకే సంఘటన తర్వాత ఆమె ఐదులో ఉంది, అతను ఎనిమిదిలో ఉన్నాడు. ఇలా ఇద్దరూ వేర్వేరు మెట్ల మీద ఉంటే మధ్యలో ఉన్న ముక్కలు చూడండి. రమ్మీలో సీక్వెన్స్‌కు తగ్గిన ముక్కలు వెతికినట్టే ఇదీ. ఇక్కడ తగ్గినవి ఆరూ ఏడూ. ఆరులో ఒక పిల్లవాడు పూలు నింపిన కప్పును చిన్నపాపకు ఇస్తున్నాడు, పాత ఇంటి ముంగిట్లో. ఏడులో మబ్బుల్లో ఏడు కప్పులు తేలుతున్నాయి. ఒక్కోదానిలో ఒక్కటి: కోట, నగలు, పాము, ముసుగు మనిషి ఇలా. ఏది నిజమో తెలియదు.

అందుకని ఇద్దరినీ కూర్చోబెట్టి ముందు ఆరు పెట్టాను. మొదట్లో ఒకరికొకరు ఏం ఇచ్చుకున్నారో చెప్పుకోమన్నాను. తర్వాత ఏడు పెట్టి, బెంగళూరు సంగతి అతని చేతే చెప్పించాను. ఆమెకు కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ తర్వాత ఆమె అడిగినవి మంచి ప్రశ్నలు. ఆఫర్ వచ్చిందా, అప్లై చేశావంతేనా? జీతం ఎంత? అంటే మబ్బులో ఉన్న కప్పుల్లో ఏది చేతికి అందేదో తేల్చుకోవడం మొదలుపెట్టింది. ఆఫర్ ఇంకా రాలేదు.

ఈ పద్ధతికి హద్దు ఉంది. పది ముక్కల్లోంచి ఏదో ఒకటి వచ్చి తీరుతుంది. ఆ రోజు అతనికి మూడు వచ్చి ఉంటే బెంగళూరు సంగతి బయటికి వచ్చేదని నేను చెప్పలేను. ముక్కకూ మనిషి చెప్పేదానికీ పొంతన కుదరకపోతే ముక్కను పక్కన పెట్టి మనిషి మాట నమ్మండి. ఒకే రోజు రెండోసారి తియ్యకండి. నచ్చిన ముక్క వచ్చేదాకా తీస్తూ పోతే అది చదవడం కాదు.

ఈ వారం సాధన: ఐదునూ ఎనిమిదినీ పక్కపక్కన పెట్టుకుని మీకు తెలిసిన ఒక జంట కథ రాయండి, మూడు వాక్యాలు చాలు. పేర్లు వద్దు. ఒలికినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, ఖాళీ ఎక్కడ ఉంది అన్నది ఒక్కో వాక్యంలో రావాలి. మూడోది రాయలేకపోతే అది ఎనిమిది కథ కాదు, ఐదు కథే.

ఏడో పాఠంలో తొమ్మిదీ పదీ. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ చూసినవాళ్లు, స్వర్ణాల చెరువులో కోరిక రొట్టె పుచ్చుకునే మనిషినీ, కోరిక తీరాక మళ్లీ వచ్చి రొట్టె ఇచ్చే మనిషినీ ఒకసారి గుర్తుచేసుకుని రండి. తొమ్మిదిలో కప్పులన్నీ వెనక పెట్టుకుని ఒంటరిగా కూర్చున్న మనిషికీ, పదిలో ఇంద్రధనుస్సు కింద పిల్లలతో నిలబడ్డ జంటకూ తేడా అక్కడి నుంచి మొదలుపెడతాను.