సందేశం చదివారు, జవాబు ఇవ్వలేదు: ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

పర్లాకిమిడి, కాశీనగర్ వైపు జీడిపప్పు వ్యాపారులు బరంపురం, రాయగడ మిఠాయి దుకాణాలకు వాట్సాప్‌లో పంపే సందేశాలను చాలాకాలంగా సరిచేస్తున్నాను. ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: “నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.” వెంటనే రేటు తగ్గిస్తారు, ఫొటోలు మారుస్తారు, పండగ శుభాకాంక్షలు చేరుస్తారు. సందేశం చివరి మూడు వాక్యాలు మాత్రం ఎవరూ తిరిగి చదవరు. తొంభై పాళ్లు తప్పు అక్కడే ఉంటుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మీ సందేశంలో అవతలివారిని పని అడిగే మాటలన్నిటి కిందా గీత గీయండి. చూడండి, చెప్పండి, రండి, ఫోన్ చేయండి, శాంపిల్ తెప్పించుకోండి. ఒకటి కంటే ఎక్కువ గీతలు పడితే వేరే కారణం వెతకనక్కరలేదు. ఇది అరనిమిషం పని. దీన్ని వదిలేసి నెలల తరబడి రేట్లతో కుస్తీ పడుతున్నవారిని చూస్తే బాధేస్తుంది.

లక్షణం: “సరే”, “చూస్తాం” అని వస్తుంది, అంతకు మించి కదలదు

ప్రశ్న అడిగారు కానీ, దానికి మర్యాదగా తప్పించుకునే జవాబు ఉంది. “మా సరుకు మీకు ఆసక్తిగా ఉందా?” అంటే ఎవరైనా “చూస్తాం” అంటారు. అవతలివారికి లెక్క చూడకుండా, ఎవరినీ అడగకుండా తెలిసిన సంగతినే అడగాలి. మిఠాయి దుకాణం యజమానికి తాను వాడేది గుండా, బద్దా, ముక్కా అన్నది నిద్రలో అడిగినా తెలుసు. నెలకు ఎన్ని కిలోలు కొంటారంటే మాత్రం పుస్తకం తీయాలి, పైగా కొత్తవారికి ఎందుకు చెప్పాలన్న అనుమానం కూడా వస్తుంది.

లక్షణం: ప్రశ్న బాగుంది, ఒక్కటే ఉంది, అయినా మౌనం

నన్ను ఎక్కువగా ఏడిపించిన కారణం ఇదే. సందేశం రాసినవారికి ఇది కనబడదు, ఎందుకంటే వారి దృష్టిలో అది కోరిక కాదు, మర్యాద. ఒక వ్యాపారి పంపిన సందేశం చూడండి:

“నమస్కారం అండి. పర్లాకిమిడి నుంచి జీడిపప్పు సరఫరా చేస్తాం. కాజూ బర్ఫీకి మీరు ముక్క వాడతారా, బద్ద వాడతారా? మరిన్ని వివరాలకు ఈ నంబరుకు ఫోన్ చేయండి.”

ప్రశ్న చక్కగా ఉంది. దాన్ని చంపింది చివరి వాక్యం. బరంపురంలో పొయ్యి దగ్గర నిలబడి చదివిన మనిషికి ముందు ప్రశ్న కనబడింది, “ముక్క” అని కొట్టడానికి వేలు లేచింది. అంతలో ఫోన్ చేయమన్న మాట కనబడింది. అంటే ఇది ఒక్క మాటతో తేలదు, మాట్లాడాలి, అందుకు తీరిక కావాలి. సాయంత్రం చూద్దామనుకుని ఫోను పక్కన పెట్టాడు. సాయంత్రం దుకాణంలో రద్దీ. మీ ప్రశ్న రెండు సెకన్ల పని, దాని పక్కన పెట్టిన పని పది నిమిషాలది. రెండూ కనబడితే మనిషి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుని మొత్తం వాయిదా వేస్తాడు. ఫోనూ రాదు, జవాబూ రాదు.

ఆ వాక్యం తీసేయమంటే వ్యాపారులు ఒప్పుకోరు. “నంబరు ఇవ్వకపోతే ఎలా అండి?” అంటారు. వాట్సాప్‌లో వచ్చిన సందేశానికి నంబరు పైనే ఉంటుంది. దాన్ని మళ్లీ రాయడం వల్ల సమాచారం పెరగదు, పని పెరుగుతుంది.

తీసేశాక కూడా అది వేరే దారిలో తిరిగి వస్తుంది. బిజినెస్ యాప్‌లో రెండు చోట్ల వెతకండి. ఒకటి `Quick replies`: ఎప్పుడో దాచుకున్న వాక్యాల చివర “వివరాలకు ఫోన్ చేయండి” అంటుకుని ఉంటుంది, `/` గుర్తు కొట్టి వాడుకున్న ప్రతిసారీ అదీ వెళ్తుంది. రెండోది `Away message`. మిఠాయి దుకాణం వారికి తీరిక దొరికేది రాత్రి షట్టరు దించాకే. అప్పుడు “ముక్క అండి” అని పంపుతారు. మీరు షాపు వేళలు పెట్టుకుని ఉంటే వెంటనే వారికి “ప్రస్తుతం షాపు మూసి ఉంది, అవసరమైతే ఫోన్ చేయండి” అని పోతుంది. జవాబు ఇచ్చినందుకు ఆయనకు ఇంకో పని అప్పగించినట్టయింది. దాన్ని “మీ సందేశం అందింది, ఉదయం నేనే జవాబు ఇస్తాను” అని మార్చండి.

ఆ వ్యాపారి సందేశం సరిచేశాక ఇలా మిగిలింది: “నమస్కారం అండి. పర్లాకిమిడి నుంచి జీడిపప్పు సరఫరా చేస్తాం. కాజూ బర్ఫీకి మీరు ముక్క వాడతారా, బద్ద వాడతారా?” ప్రశ్న గుర్తు దగ్గర ఆగిపోవాలి. ధన్యవాదాలు చెప్పాలనిపిస్తే ప్రశ్నకు ముందే చెప్పండి. “ముక్క” అని వచ్చాక ముక్క రేటు ఒక్కటే చెప్పి, అరకిలో శాంపిల్ బస్సు పార్సిల్‌లో పంపమంటారా అని అడగండి. గుండు, బద్ద రేట్ల పట్టిక అప్పుడు కూడా పంపవద్దు. పట్టిక పంపారంటే చదివి ఎంచుకునే పని ఆయన నెత్తిన పెట్టినట్టే.

మరి ఫోన్ ఎప్పుడు అడగాలి?

జవాబు ఒక వాక్యంలో ఇమడనప్పుడు. అరువు గడువు, పురుగు పట్టిందని వాపసు వచ్చిన టిన్ను, దసరా ముందు పెద్ద ఆర్డరుకు రేటు బేరం. ఇవి రాతలో తేలవు, రాస్తే అపార్థాలు కూడా వస్తాయి. అప్పుడు ప్రశ్న మానేసి ఫోన్ ఒక్కటే అడగండి. కానీ ఫోన్ చేసేది మీరే అయి ఉండాలి. “రేపు మధ్యాహ్నం మూడు గంటలకు నేను ఫోన్ చేస్తాను. అరువు గడువు గురించి మాత్రమే, అయిదు నిమిషాలు. ఆ సమయం కుదురుతుందా?” విషయం, సమయం, నిడివి మూడూ చెప్పారు కాబట్టి ఆయన “కుదురుతుంది” అంటే చాలు. “తీరిక ఉన్నప్పుడు చెప్పండి, మాట్లాడదాం” అంటే ఆ తీరిక ఎన్నటికీ రాదు. మిఠాయి దుకాణాలకు సాయంత్రం ఆరు తర్వాత సమయం అడగనే అడగకండి.

లక్షణం: తెలుగులో బాగా మాట్లాడతారు, రాసిన దానికి మాత్రం జవాబు ఇవ్వరు

ఇది మన సరిహద్దు ఊళ్ల సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ధారాళంగా మాట్లాడే మనిషికి తెలుగు లిపి కూడబలుక్కుని చదవాల్సి రావచ్చు. ఆయన మీకు ఎప్పుడూ వాయిస్ సందేశాలే పంపుతుంటే, లేదా తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తుంటే ఇదే కారణమని అనుమానించండి. అదే ప్రశ్నను పదిహేను సెకన్ల వాయిస్‌గా పంపండి, వాయిస్‌లోనూ ఒక్కటే ప్రశ్న. జవాబు అంకెగా వచ్చేలా అడిగినా సరిపోతుంది: ముక్క అయితే 1, బద్ద అయితే 2.

ఒకే టిక్కు దగ్గర ఆగిపోతే నంబరు మారిందేమో, మిమ్మల్ని బ్లాక్ చేశారేమో చూసుకోండి. అది రాతకు సంబంధించిన సమస్య కాదు.

సరిచేసిన సందేశానికి కూడా మూడు రోజుల్లో జవాబు రాకపోతే అదే ప్రశ్నను ఇంకొక్కసారి పంపండి. “పోనీ ఫోన్ అయినా చేయండి” అని దానికి తోక తగిలించకండి.