ఒప్పందాల అనువాదం, నాలుగో పాఠం: ఇండెమ్నిటీ, బాధ్యతకు పరిమితి

ముందుగా ఒక చిన్న దిద్దుబాటు. పోయిన పాఠం అభ్యాసంలో కొందరు ‘లిమిటేషన్ ఆఫ్ లయబిలిటీ’ని ‘బాధ్యత కాలపరిమితి’ అని రాశారు. కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకు లిమిటేషన్ అనగానే దావా గడువే గుర్తుకొస్తుంది. ఇక్కడ గడువు ఊసే లేదు. ఎంత డబ్బు దాకా బాధ్యత అన్నదే విషయం. ‘బాధ్యతకు పరిమితి’ అని దిద్దుకోండి.

ఈ పాఠానికి నేనే ఒక ఒప్పందం అల్లాను. మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. దాని డ్రయర్లను, ఎలివేటర్లను చూసుకోవడానికి ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ ఉన్నాడు. ఏడాదికి ఫీజు 1,80,000 రూపాయలు, మూడు నెలలకోసారి 45,000 చొప్పున కట్టాలి. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టే ఇద్దరూ చదివేది మాత్రం మనం రాసే తెలుగునే.

9వ క్లాజు ఇండెమ్నిటీ గురించి. సర్వీసు పనుల విషయంలో బయటివాళ్లు మిల్లు మీద వేసే క్లెయిములకు కాంట్రాక్టర్ మిల్లును ‘ఇండెమ్నిఫై’ చేయాలి. అయితే ‘టు ది ఎక్స్‌టెంట్ కాజ్డ్ బై’ కాంట్రాక్టర్ నిర్లక్ష్యం అని ఒక ముక్క ఉంది. 10వ క్లాజు పరిమితి గురించి. ‘సబ్జెక్ట్ టు క్లాజ్ 9’ అని మొదలై, కాంట్రాక్టర్ ‘టోటల్ అగ్రిగేట్ లయబిలిటీ’ క్లెయిముకు ముందు 12 నెలల్లో చెల్లించిన ఫీజును మించదని ముగుస్తుంది.

ఇలాంటి క్లాజులకు నేను రూపాయల లెక్క వేస్తాను. ఒక ప్రమాదం ఊహించుకుని ఇంగ్లీషు ప్రకారం ఎవరు ఎంత కట్టాలో రాసుకుంటాను. తర్వాత ఇంగ్లీషు కాగితం మూసేసి నా తెలుగు ప్రకారం మళ్లీ లెక్కిస్తాను. రెండు అంకెలూ కలవకపోతే, వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేస్తాను.

10వ క్లాజుతో మొదలుపెడదాం. ఫీజంతా కట్టేశారు అనుకుందాం. ఏడాదిలో డ్రయర్ మూడుసార్లు కాంట్రాక్టర్ తప్పు వల్లే ఆగి, వడ్లు పాడయ్యాయి. నష్టం మొదటిసారి 80,000, రెండోసారి 70,000, మూడోసారి 90,000. మొత్తం 2,40,000. ఇంగ్లీషు ప్రకారం అన్నీ కలిపి 1,80,000 దగ్గర ఆగిపోతుంది. మిగతా 60,000 మిల్లు భరించుకోవాలి.

దీన్ని చాలామంది ఇలా రాస్తారు: ‘ఏ నష్టానికైనా కాంట్రాక్టర్ బాధ్యత చెల్లించిన ఫీజును మించదు.’ చదవడానికి చక్కగా ఉంటుంది, అసలు చిక్కే అది. ‘ఏ నష్టానికైనా’ అనగానే మన మాటతీరులో ఒక్కో నష్టానికీ విడివిడిగా లెక్క మొదలవుతుంది. మూడింటిలో ఏదీ 1,80,000 దాటలేదు కాబట్టి 2,40,000 మొత్తం కాంట్రాక్టర్ మీద పడుతుంది. అరవై వేలు ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి వెళ్లాయి, అదీ అనువాదకుడి చేతి మీదుగా. ‘ఈ ఒప్పందం కింద వచ్చే క్లెయిములన్నిటికీ కలిపి, మొత్తం మీద’ అని రాయండి. ‘కలిపి’ అన్న మాట తప్పకుండా ఉండాలి.

అదే క్లాజులో ‘చెల్లించిన’ బదులు ‘వార్షిక ఫీజు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. మిల్లు మూడు వాయిదాలే కట్టిందనుకోండి, ఇంగ్లీషులో పరిమితి 1,35,000కు దిగుతుంది. మీ తెలుగులో మాత్రం 1,80,000 దగ్గరే కూర్చుంటుంది.

ఇక ఇండెమ్నిటీ. దీన్ని ‘నష్టపరిహారం చెల్లించాలి’ అని తేల్చేయడం నాకు నచ్చదు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో 73వ సెక్షన్ ఒప్పందం తప్పినందుకు ఇచ్చే పరిహారం గురించి చెబుతుంది. ఇండెమ్నిటీ 124వ సెక్షన్‌లో వేరే ఉంది: తన చేష్ట వల్ల గానీ, ఇంకెవరి చేష్ట వల్ల గానీ కలిగే నష్టం నుంచి అవతలివారిని కాపాడతానన్న మాట అది. ఒప్పందం తప్పాలనేమీ లేదు. అవతలివారి మీద కేసు పడితే ఆ కేసు ఖర్చులు కూడా రాబట్టుకునే హక్కు, కొన్ని షరతులతో, 125లో ఉంది. రెండింటికీ ‘నష్టపరిహారం’ అనే రాస్తే చదివేవాడికి తేడా తెలిసే దారి ఉండదు.

బ్యాంకుల్లో ‘ఇండెమ్నిటీ బాండ్’ అనే మాట జనానికి అలవాటే. అందుకే నేను ‘ఇండెమ్నిటీ’ అనే మాటనే ఉంచి, ‘ఆ క్లెయిముల భారం మిల్లు మీద పడకుండా కాంట్రాక్టరే భరించాలి’ అని పక్కన చెబుతాను. అంతకు మించి ఒక్క ముక్క కలపొద్దు. ‘మిల్లు తరఫున కేసు కూడా నడపాలి’ అని కలిపారంటే, ఇంగ్లీషులో ‘డిఫెండ్’ అన్న మాట లేకుండానే కాంట్రాక్టర్ నెత్తిన కొత్త పని పెట్టినట్టే. ఆ మాట ఉంటే రాయాలి, లేకపోతే లేదు.

ఇప్పుడు ‘టు ది ఎక్స్‌టెంట్’. కాంట్రాక్టర్ మనిషి ఎలివేటర్ బెల్ట్ గార్డు విప్పి, తిరిగి బిగించకుండా వెళ్లాడు. మిల్లు ఆపరేటర్ అది చూసి కూడా మిషన్ నడిపాడు. లారీ వెంట వచ్చిన హమాలీ చేయి నలిగింది. మిల్లు అతనికి 5,00,000 ఇవ్వాల్సి వచ్చింది. తప్పులో కాంట్రాక్టర్ వంతు 60 శాతం, మిల్లు వంతు 40 శాతం అని తేలింది. ఇంగ్లీషు ప్రకారం కాంట్రాక్టర్ భరించేది 3,00,000.

‘కాంట్రాక్టర్ నిర్లక్ష్యం వల్ల జరిగితే’ అని రాశారనుకోండి. ‘జరిగితే’ తలుపు లాంటిది, తెరుచుకుంటే మొత్తం తెరుచుకుంటుంది. నిర్లక్ష్యం ఉందని తేలింది కాబట్టి 5,00,000 మొత్తం అతనే కట్టాలన్న వాదనకు చోటిచ్చారు. సరైన కట్టు ఇది: ‘ఆ నష్టం ఎంత మేరకు కాంట్రాక్టర్ నిర్లక్ష్యం వల్ల కలిగిందో, అంత మేరకే.’ కొంచెం బరువైన వాక్యమే, నాకూ తెలుసు. అయినా అలాగే ఉంచండి. ‘తన నిర్లక్ష్యం’ అనొద్దు, ‘కాంట్రాక్టర్ నిర్లక్ష్యం’ అనే రాయండి. ఇద్దరున్న వాక్యంలో ‘తన’ ఎవరిదో తర్వాత గొడవ అవుతుంది.

చివరిగా రెండు క్లాజులు కలిసే చోటు. ఆ 3,00,000కు 1,80,000 పరిమితి వర్తిస్తుందా? ‘సబ్జెక్ట్ టు క్లాజ్ 9’ అంటే 10వ క్లాజు 9వదాని కిందికి వస్తుంది. రెండూ ఢీకొంటే 9వదే నెగ్గుతుంది. అంటే ఈ పరిమితి ఇండెమ్నిటీని తగ్గించదు, కాంట్రాక్టర్ 3,00,000 కట్టాలి. ‘9వ క్లాజుకు లోబడి’ అన్నదే సరైన అనువాదం. తొందరలో ‘9వ క్లాజు ప్రకారం’ అని రాస్తే, పరిమితే 9వ క్లాజుకు అంటుకున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు కాంట్రాక్టర్ 1,80,000 ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు, 1,20,000 మిల్లు మీద పడుతుంది.

ఇంగ్లీషే రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే? లాయర్‌కు రాసి అడగండి. జవాబు రాకపోతే ఆ మసకను తెలుగులోనూ మసకగానే ఉంచి, పని అప్పగించేటప్పుడు విడిగా ఒక కాగితం మీద రాసివ్వండి. మీకు న్యాయమనిపించిన అర్థంలోకి మాత్రం తిప్పొద్దు.

అభ్యాసం: 10వ క్లాజు మొదట్లో ‘సబ్జెక్ట్ టు’ తీసేసి ‘నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్ 9’ అని పెట్టండి. తెలుగులో మళ్లీ రాసి, అదే హమాలీ ప్రమాదంలో ఎవరు ఎంత కట్టాలో కింద అంకె వేయండి. డ్రయర్ నష్టాలు ఆ ఏడాది అసలు రాలేదనే అనుకోండి. వచ్చే పాఠంలో ఆ జవాబుతో మొదలుపెట్టి, ‘ఇన్‌డైరెక్ట్ లాస్, ఇంక్లూడింగ్ లాస్ ఆఫ్ ప్రాఫిట్’ దగ్గరికి వెళ్దాం.