కరెన్సీ లెక్కలు, 4వ పాఠం: ఆ అడ్డగీత భాగహారం గుర్తు కాదు

పోయిన పాఠంలో ఇచ్చిన దిర్హాముల లెక్క చాలామందిని బోల్తా కొట్టించింది. ఈసారి చెప్పాల్సిన కొనుగోలు, అమ్మకం రేట్లను వచ్చే పాఠానికి జరిపి, ముందు ఈ ముడి విప్పుదాం.

లెక్క ఇది. దుబాయ్ నుంచి జగిత్యాలలోని ఇంటికి 2,000 దిర్హాములు పంపాలి. USD/AED 3.6725, USD/INR 90. ఇంటికి ఎన్ని రూపాయలు చేరతాయి? మొదటిది 1997 నుంచి కదలకుండా ఉన్న రేటు. రెండోది లెక్క తేలిక కావాలని పెట్టిన అంకె, ఇవాళ్టి రేటు కాదు.

తరచూ కనబడ్డ తప్పు జవాబు 6,61,050. దిర్హాములను డాలర్లు చేయడం, ఆ డాలర్లను రూపాయలు చేయడం, ఈ రెండు మెట్లలోనూ గుణించేశారు. డాలర్లను 90తో గుణించడం మనకు అలవాటే కాబట్టి రెండో మెట్టు సరిగ్గానే పడింది. తప్పంతా మొదటి మెట్టులో ఉంది, దానికి కారణం USD/AEDలోని ఆ అడ్డగీత.

ముఖ్యంగా ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఇక్కడే పడతారు. కి.మీ./గంట అని రాస్తే గంటకు ఇన్ని కిలోమీటర్లు అని చదువుతాం. గీత కింద ఉన్నది ఒకటి, పైనున్నది ఎన్నో. అదే అలవాటుతో USD/AED 3.6725 చూస్తే దిర్హాముకు 3.6725 డాలర్లు అనిపిస్తుంది. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. కరెన్సీ జంటలో గీత రెండు పేర్లను విడదీయడానికే ఉంది. చాలా స్క్రీన్ల మీద అది ఉండదు కూడా, USDINR అని కలిపే రాస్తారు. ముందున్నది బేస్ కరెన్సీ, దాని లెక్క ఎప్పుడూ 1. వెనకున్నది కోట్ కరెన్సీ, కనబడే అంకె దానిదే. కాబట్టి ఏ జంట చూసినా ముందు ఈ వాక్యం కాగితం మీద రాయండి: 1 డాలర్ = 3.6725 దిర్హాములు. గీతను అక్కడే వదిలేయండి.

చేతిలో ఉన్నది బేస్ అయితే గుణించాలి, కోట్ అయితే భాగించాలి. మన చేతిలో ఉన్నవి దిర్హాములు, అంటే కోట్. 2,000ను 3.6725తో భాగిస్తే 544.59 డాలర్లు. రెండో జంటలో డాలర్ బేస్, కాబట్టి 90తో గుణిస్తే సుమారు 49,013 రూపాయలు.

“విలువైన కరెన్సీ నుంచి వస్తే గుణించు” అనే సూత్రం కొందరు వాడుతున్నారు. దాన్ని మానేయండి. ఏది విలువైనదో ముందే తెలిసిన చోటే అది పనిచేస్తుంది. పైగా రేటు ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు తప్పు జవాబు కూడా నమ్మేలాగే ఉంటుంది. హన్మకొండ నుంచి లండన్ వెళ్లిన తమ్ముడి ఫీజుకు అమెరికాలోని అక్క 10,000 డాలర్లు పంపుతోంది. GBP/USD 1.25 అనుకుందాం. ఇక్కడ డాలర్ వెనక ఉంది, కోట్ అయింది. భాగిస్తే 8,000 పౌండ్లు. గుణిస్తే 12,500. మొదటి లెక్కలోని ఆరున్నర లక్షలు చూడగానే అనుమానం వస్తుంది, ఈ 12,500 చూస్తే రాదు. ఫీజు కట్టే రోజున 4,500 పౌండ్లు తక్కువ పడతాయి.

వెనక్కి లెక్కేసి సరిచూశాం, సరిపోయింది అని కొందరు రాశారు. ఆ పరీక్ష ఈ తప్పును పట్టుకోదు. ముందు గుణించినవాళ్లు వెనక్కి వచ్చేటప్పుడు భాగిస్తారు, మళ్లీ 10,000 వచ్చి తీరుతుంది. సరిచూడాల్సింది రాసుకున్న వాక్యంతోనే: ఒక్క పౌండుకే 1.25 డాలర్లు పోతున్నప్పుడు పౌండ్ల సంఖ్య డాలర్ల సంఖ్య కంటే తక్కువ ఉండాలి.

భాగహారం తప్పించుకోవడానికి రేటును తిప్పి వాడేవాళ్లు దశాంశాలు కోయకండి. 1ని 90తో భాగిస్తే 0.01111 వస్తుంది. దాన్ని 0.011 చేసి 5,00,000 రూపాయలను గుణిస్తే 5,500 డాలర్లు. అసలు జవాబు 5,555.56. ఆ తేడా 5,000 రూపాయలు. నేనైతే తిప్పను, నేరుగా భాగిస్తాను.

ఇక అభ్యాసం. రెండింటికీ వాక్యాలు రాశాకే క్యాల్‌క్యులేటర్ తీయండి.

సిరిసిల్లకు కువైట్ నుంచి 300 దినార్లు వస్తున్నాయి. USD/KWD 0.30, USD/INR 90. రేటు ఒకటి కంటే తక్కువని కంగారుపడి నియమం మార్చకండి. 0.30తో భాగిస్తే అంకె పెరగాలి.

రెండోది కష్టం. USD/JPY 150, USD/INR 90. వీటి నుంచి JPY/INR రాబట్టండి. మన దేశంలో ఈ రేటును 100 యెన్‌లకు ప్రకటిస్తారు, కాబట్టి బేస్ ఎప్పుడూ 1 అన్న నియమానికి ఇది మినహాయింపు. ప్రకటనలో ఏ అంకె కనబడాలో ముందు రాసి, ఆ అంకెతోనే 2,50,000 యెన్‌లను రూపాయల్లోకి మార్చండి. జవాబు కోటిన్నర వస్తే వందతో భాగించడం మరిచారన్నమాట.