నైకీ షూ కొనే ముందు చూసుకోవాల్సినవి

సగం ధరకే ‘ఒరిజినల్’ అంటూ ఎవరైనా నైకీ ఎయిర్ ఫోర్స్ 1 చూపిస్తే, డబ్బు పంపే ముందు ఇవి చూడండి.

• ముందు షూ నాలుక లోపలి లేబుల్ చూడండి. సైజులు, తయారైన దేశంతో పాటు అక్కడ స్టైల్ కోడ్ ఉంటుంది. ఉదాహరణకు మగవాళ్ల తెల్ల జతకు CW2288-111. చివరి మూడంకెలు రంగువి. పెట్టె మీదా అదే కోడ్, అదే సైజు ఉండాలి. కోడ్‌ను ఆన్‌లైన్‌లో వెతికితే నల్ల షూ బొమ్మ వస్తే, ఇక బేరం అనవసరం.

• కోడ్ కలిసిందని నమ్మేయకండి, ‘ఫస్ట్ కాపీ’ వాళ్లు దాన్నీ అచ్చేస్తారు. రెండు సైజుల పెట్టెలు అడిగి బార్‌కోడ్ కింది అంకెలు పోల్చండి. సైజు మారితే అవీ మారాలి.

• ఇక్కడి షాపులో కొత్తదిగా అమ్మితే పెట్టెపై ఎమ్మార్పీ, దిగుమతిదారు చిరునామా ఉండాలి. విదేశం నుంచి చుట్టాలు తెచ్చిన జతకు ఇది వర్తించదు.

• కుట్లు, ముందువైపు చిల్లులు వంకరగా ఉన్నాయా? రెండు షూలూ పక్కపక్కన పెట్టి చూడండి. కాస్త జిగురు మరక అసలు వాటికీ ఉంటుంది, దానొక్కదాన్ని పట్టుకుని తేల్చకండి.

• ఫొటోలే పంపి లేబుల్ దగ్గరగా చూపించనంటే వదిలేయండి.